గడి ఖాళీ లేదు: సిమ్‌లో మెసేజ్‌లు నిండితే ఏం జరుగుతుంది?

మారతహళ్ళి వంతెన చుట్టుపక్కల పీజీల్లోనూ, మున్నేకొళాల సందుల్లోని అద్దె గదుల్లోనూ తెలుగు మాట వినపడటం కొత్తేమీ కాదు. అలా వచ్చి ఉంటున్నవారిలో చాలామందికి రెండు నంబర్లుంటాయి. ఒకటి బెంగళూరు వచ్చాక తీసుకున్నది. రెండోది ఊళ్ళో ఉన్నప్పటి పాత నంబరు. బ్యాంకు ఖాతాకీ, ఆధార్‌కీ, అమ్మానాన్నల పింఛను కాగితాలకీ ముడిపడి ఉంది కాబట్టి దాన్ని వదులుకోలేరు. ఆ రెండో సిమ్ తరచుగా ఒక చిన్న కీప్యాడ్ ఫోన్‌లో, చార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే గుర్తుకొచ్చే స్థితిలో బతుకుతూ ఉంటుంది. ఒకరోజు బ్యాంకు ఓటీపీ రాదు. రెండోసారి అడిగినా రాదు. ఫోన్ కాల్ మాత్రం చక్కగా వస్తుంది, టవర్ గీతలు నిండుగా ఉంటాయి. బ్యాంకు సర్వర్ పాడైందనీ, ఆంధ్రా సిమ్ కర్ణాటకలో పనిచేయడం మానేసిందనీ, రీఛార్జి అయిపోయిందనీ రకరకాల అనుమానాలు పుడతాయి. వాటిలో ఏదో ఒకటి నిజమూ కావచ్చు. కానీ కాల్స్ వస్తూ మెసేజ్‌లు మాత్రమే ఆగిపోయిన కీప్యాడ్ ఫోన్‌లో ముందుగా చూడవలసింది సిమ్ కార్డులోని ఒక చిన్న ఫైలు. అది నిండిపోయి ఉండవచ్చు.

నిండిపోతే ఏమవుతుందన్న విషయంలో చాలామందికి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది: వచ్చిన మెసేజ్‌లు ఎక్కడో పడి పోయాయని. పోలేదు. కార్డులో చోటు లేదని ఫోన్ వాటిని తిప్పి పంపింది, అలా తిప్పి పంపిన సంగతిని నెట్‌వర్క్ రాసిపెట్టుకుంది, చోటు దొరికిందన్న కబురు కోసం చూస్తూ ఉంది. ఈ తేడా చిన్నదిగా కనిపించినా మందు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. జరిగింది నష్టం కాదు, నిరాకరణ. కాబట్టి కొత్త సిమ్ తీసుకోవడం, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం, ఎవరో చెప్పిన కోడ్ డయల్ చేయడం ఇవేవీ అక్కర్లేదు, వాటిలో కొన్ని హాని కూడా చేస్తాయి. అవసరమైన మెసేజ్‌లు దాచుకుని కార్డులో కొంత చోటు ఖాళీ చేసి, ఆ కబురు నెట్‌వర్క్‌కు చేరేలా చూసుకుంటే చాలు. ఎందుకలాగో చూద్దాం.

సిమ్ కార్డు అంటే నంబరు రాసి ఉన్న ప్లాస్టిక్ ముక్క కాదు, దానిలో ఒక చిన్న కంప్యూటరు, దానికి కొంత జ్ఞాపకశక్తి ఉన్నాయి. 1991లో మొదటి సిమ్‌లు బయటికొచ్చిన రోజుల్లో ఫోన్లకు సొంత మెమరీ అంతంతమాత్రం. అందుకే ఫోన్‌బుక్కునీ మెసేజ్‌లనీ కార్డులోనే దాచే ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు నేటి కార్డుల్లోనూ అలాగే ఉంది. మెసేజ్‌ల ఫైలులో ఒకే కొలత గల గడులు వరుసగా ఉంటాయి. ఒక్కో గడి 176 బైట్లు. మొదటి బైటు ఆ గడి స్థితిని చెబుతుంది: ఖాళీయా, చదివిన మెసేజా, చదవనిదా, పంపినదా, పంపాలని రాసిపెట్టుకున్నదా అని. మిగిలిన 175 బైట్లలో మెసేజ్ సెంటర్ నంబరు, పంపినవారి నంబరు, తేదీ, సమయం, అసలు విషయం ఉంటాయి. గడులు ఎన్ని ఉండాలో కార్డు తయారు చేయించుకునేటప్పుడు టెలికాం కంపెనీ నిర్ణయిస్తుంది. పది గడుల కార్డులూ ఉన్నాయి, యాభై గడులవీ ఉన్నాయి. లెక్క తేలికగా ఉండటానికి ఇక్కడ ఇరవై అనుకుందాం. ఇరవై గడులంటే మొత్తం 3520 బైట్లు. ఒక మామూలు ఫోటోతో పోలిస్తే లెక్కలోకే రాదు. ఇక్కడ గమనించాల్సింది పరిమాణం కాదు, సంఖ్య. ‘సరే’ అని రెండక్షరాల మెసేజ్ వచ్చినా ఒక గడి మొత్తం దానిదే. మిగిలిన చోటును పక్క మెసేజ్ వాడుకోలేదు. ఇరవై ఒకటో మెసేజ్ ఎంత చిన్నదైనా దానికి చోటుండదు.

ఈ లెక్కలో తెలుగు వాళ్ళకు ఇంకాస్త నష్టముంది. ఒక మెసేజ్‌లో విషయానికి కేటాయించినది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలకు ఏడేసి బిట్లు చాలు కాబట్టి వాటిలో 160 పడతాయి. తెలుగు లిపి ఆ ఏడు బిట్ల పట్టికలో లేదు, కాబట్టి మామూలుగా ఒక్కో సంకేతానికి పదహారు బిట్లు వాడతారు, అలా 70 మాత్రమే పడతాయి. పైగా సంకేతం అంటే మనం చూసే అక్షరం కాదు. ‘నమస్కారం’ కంటికి నాలుగక్షరాలే, కానీ యంత్రానికి న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న అని ఎనిమిది. మెసేజ్ 70 దాటితే దాన్ని ముక్కలు చేసి పంపుతారు. ముక్కలను మళ్ళీ వరుసగా అతికించడానికి కొంత చోటు పోతుంది కాబట్టి ఒక్కో ముక్కలో 67 సంకేతాలే మిగులుతాయి. 200 సంకేతాల తెలుగు మెసేజ్, అంటే రెండు మూడు చిన్న వాక్యాలు, మూడు ముక్కలవుతుంది, మూడు గడులు తింటుంది. అదే ఇంగ్లీషులో 160 అక్షరాల్లో సరిపెట్టుకుంటే ఒక్క గడి చాలు. ఇరవై గడుల కార్డులో అలాంటి తెలుగు మెసేజ్‌లు ఆరు పడితే పద్దెనిమిది గడులు నిండి రెండు మిగులుతాయి. ఏడోదానికి మూడు కావాలి కనుక అది పూర్తిగా పట్టదు. ఇంటి నుంచి తెలుగులో మెసేజ్‌లు పెట్టే అమ్మ ఉన్న ఫోన్ త్వరగా నిండుతుందన్నమాట. దానికి అమ్మను తప్పుపట్టలేం, 1980ల్లో ఆ పట్టిక రాసినవాళ్ళ ముందు తెలుగు లేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణను చివరి వరకూ నడిపిద్దాం. ఒంగోలులో తీసుకున్న నంబరు. టెలికాం లెక్కలో రాష్ట్రం విడిపోయినా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇప్పటికీ ఒకే సర్కిల్, కాబట్టి ఈ నంబరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌ది. ఫోన్ ఉన్నది మారతహళ్ళిలో, అంటే కర్ణాటక సర్కిల్‌లో. సిమ్‌లోని ఇరవై గడులూ నిండి ఉన్నాయి. ఉదయం పది గంటలకు బ్యాంకు ఒక ఓటీపీ పంపింది. అది నేరుగా ఫోన్‌కు రాదు, ముందు ఒక మెసేజ్ సెంటర్‌కు చేరుతుంది. ఆ సెంటర్, నంబరు వివరాలు ఉంచే సొంత సర్కిల్ రిజిస్టర్‌ను అడుగుతుంది: ఈ చందాదారు ఇప్పుడెక్కడ? హెచ్‌ఎల్‌ఆర్ అని ఇంజనీర్లు పిలిచే ఆ రిజిస్టర్, ఫోన్ బెంగళూరు ఎక్స్ఛేంజి కింద ఉందని చెబుతుంది. మెసేజ్ బెంగళూరు ఎక్స్ఛేంజికి, అక్కడి నుంచి టవర్ ద్వారా ఫోన్‌కు చేరుతుంది. ఫోన్ దాన్ని అందుకున్నాక రాసిపెట్టడానికి గడి వెతుకుతుంది. దొరకదు. అప్పుడు అది మౌనంగా ఊరుకోదు, ‘మెమరీ నిండింది’ అనే కారణంతో సహా తిరస్కరిస్తుంది. ఆ జవాబు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి మెసేజ్ సెంటర్‌కు చేరుతుంది. సెంటర్ ఆ సంగతిని హెచ్‌ఎల్‌ఆర్‌కు తెలియజేస్తుంది. అక్కడ ఈ నంబరు ఎదురుగా రెండు విషయాలు నమోదవుతాయి: ఈ ఫోన్ మెమరీ నిండిందన్న ఒక జెండా, దీనికోసం ఏ సెంటర్‌లో మెసేజ్ కాచుకుని ఉందో ఆ సెంటర్ చిరునామా. అదే సమయంలో ఫోన్ కూడా తన వంతుగా సిమ్‌లోని మరో చిన్న ఫైలులో ఒక బిట్టు మార్చుకుంటుంది: చోటు లేదని ఒక మెసేజ్‌ను తిప్పి పంపాను, చోటు దొరికాక నెట్‌వర్క్‌కు చెప్పాలి అని. ఆ గుర్తు ఫోన్‌లో కాకుండా కార్డులోనే ఎందుకు పెట్టారో తర్వాత తెలుస్తుంది.

మెసేజ్ సెంటర్ ఎంతకాలం కాచుకుంటుంది? మెసేజ్‌కు ఒక గడువు ఉంటుంది. పంపేవారు దాన్ని నిర్ణయించవచ్చు, లేకపోతే సెంటర్ తన సొంత గడువు వాడుతుంది. ప్రమాణం ప్రకారం ఆ గడువు అయిదు నిమిషాల నుంచి అరవై మూడు వారాల వరకూ ఉండవచ్చు, కానీ అంత పొడవు ఎవరూ ఇవ్వరు. ఓటీపీల సంగతి వేరు. అవి కొద్ది నిమిషాలే పనికొస్తాయి కాబట్టి పంపేవారు చిన్న గడువు పెట్టి ఉంటే అవి సెంటర్‌లోనే చెరిగిపోతాయి. పెద్ద గడువు పెట్టి ఉంటే ఆలస్యంగా, పనికిరాకుండా వచ్చి పడతాయి. మన ఉదాహరణలో పది గంటల ఓటీపీ పోయినట్టే. పదకొండు గంటలకు ఊళ్ళో నుంచి వచ్చిన కబురు మాత్రం సెంటర్‌లో క్షేమంగా ఉంది. ‘పోలేదు’ అని పైన అన్న మాటకు ఈ గడువు ఒక్కటే మినహాయింపు. అందుకే ఖాళీ చేసే పనిని వారం తర్వాత చూద్దాంలే అనుకోకూడదు.

సాయంత్రం ఎవరో ఫోన్ తీసి రెండు పాత ప్రకటనలు తొలగించారనుకుందాం. ఫోన్ వెంటనే కార్డులోని ఆ గుర్తును చూస్తుంది, నెట్‌వర్క్‌కు ‘చోటు దొరికింది’ అనే చిన్న కబురు పంపుతుంది. ఇది మెసేజ్ కాదు, సంకేతం మాత్రమే, దీనికి డబ్బు పడదు, తెర మీద కనపడదు. ఆ కబురు బెంగళూరు ఎక్స్ఛేంజి ద్వారా సొంత సర్కిల్ హెచ్‌ఎల్‌ఆర్‌కు వెళుతుంది. అది తన దగ్గరున్న జెండా దించి, కాచుకుని ఉన్న సెంటర్‌ను లేపుతుంది. సెంటర్ నిల్వ ఉన్న మెసేజ్‌ను మళ్ళీ పంపుతుంది. ఇదంతా మామూలుగా నిమిషాల్లోనే జరిగిపోతుంది. రెండే గడులు ఖాళీ చేస్తే రెండే మెసేజ్‌లు దిగి, మూడోదానికి మళ్ళీ తిరస్కరణ మొదలవుతుంది. మధ్యలో సిమ్‌ను ఇంకో ఫోన్‌లో వేసి ఖాళీ చేసినా గుర్తు కార్డులోనే ఉంది కాబట్టి ఆ కొత్త ఫోన్‌కు కూడా తాను కబురు పంపాలని తెలుస్తుంది. ప్రమాణం రాసినవాళ్ళు గుర్తును కార్డులో పెట్టింది ఇందుకే. అయితే అన్ని ఫోన్లూ ఈ మర్యాదను నిక్కచ్చిగా పాటిస్తాయని హామీ లేదు. పాటించని చోట కూడా దారి మూసుకుపోదు. సెంటర్ తన సొంత కాలపట్టిక ప్రకారం మధ్యమధ్యలో ప్రయత్నిస్తూనే ఉంటుంది. లేదా వేరే ఎవరి చేతనైనా ఒక కొత్త మెసేజ్ పంపించుకుంటే, అది దిగగానే చోటున్నట్టు హెచ్‌ఎల్‌ఆర్‌కు తెలుస్తుంది, మిగిలినవాటికి దారి తెరుచుకుంటుంది.

రోగం ఇదేనని నిర్ధారించే ఆధారం కూడా ఈ ప్రవర్తనలోనే ఉంది. తొలగించిన కాసేపటికే కొన్ని మెసేజ్‌లు గుంపుగా వచ్చి పడితే, వాటి లోపలి సమయం చూడండి. మెసేజ్‌లో ఉండేది ఫోన్ అందుకున్న సమయం కాదు, మెసేజ్ సెంటర్ దాన్ని స్వీకరించిన సమయం. చాలా కీప్యాడ్ ఫోన్లు దాన్నే చూపిస్తాయి. ఉదయం పదకొండుకు పంపిన మెసేజ్ సాయంత్రం ఆరుకు దిగి, దాని మీద పదకొండు అని ఉంటే మధ్యలో ఏడు గంటలు అది సెంటర్‌లో కూర్చున్నట్టే. తొలగించగానే రావడం, పాత సమయాలు ఉండటం రెండూ కలిస్తే కారణం నిండిన మెమరీయే. అయిదారు గడులు ఖాళీ చేసి, ఎవరితోనైనా ఒక మెసేజ్ పంపించుకున్నా అది రాకపోతే మాత్రం ఈ వ్యాసంలోని మందు మీకు పనికిరాదు. అప్పుడు రీఛార్జి గడువు, నంబరు బ్లాక్ జాబితా, ఫోన్ లోపలి మెమరీ ఇవి చూడాలి. కొన్ని పాత ఫోన్లలో కవరు బొమ్మ మినుకుమినుకుమంటూ ఉంటుంది. అది కొత్త మెసేజ్ వచ్చిందని కాదు, రావడానికి చోటు లేదని చెప్పడం.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. ఫోన్‌లో 128 జీబీ ఉన్న కాలంలో సిమ్‌లోని ఇరవై గడుల గురించి ఇంత చర్చ దేనికి? అభ్యంతరంలో నిజముంది. ఈనాటి స్మార్ట్‌ఫోన్ మామూలు మెసేజ్‌లను తన మెమరీలోనే పెట్టుకుంటుంది, సిమ్ నిండినా ఓటీపీలు వస్తూనే ఉంటాయి. అలాంటి ఫోన్‌లో ‘సిమ్ నిండింది’ అన్న హెచ్చరిక కనిపిస్తే, తప్పనిసరిగా సిమ్‌లోనే దాచమని ముద్ర వేసి పంపిన ఒక తరగతి మెసేజ్‌కు చోటు దొరకలేదని అర్థం. మెసేజ్‌లకు నాలుగు తరగతులున్నాయి. తెర మీద మెరిసి పోయేవి, ఫోన్‌లో దాచేవి, సిమ్‌లో దాచేవి, ఫోన్‌కు తగిలించిన పరికరానికి వెళ్ళేవి. ఏ తరగతీ రాయని మెసేజ్‌లే మనకు ఎక్కువగా వస్తాయి, వాటిని ఎక్కడ పెట్టాలో ఫోన్ ఇష్టం. కాబట్టి స్మార్ట్‌ఫోన్‌లో మొత్తం మెసేజ్‌లే ఆగిపోతే సిమ్‌ను నిందించే ముందు వేరే కారణాలు వెతకాలి. కీప్యాడ్ ఫోన్ల సంగతి అలా కాదు. వాటిలో కొన్ని ముందు సిమ్‌నే నింపుతాయి, కొన్ని సెట్టింగ్‌లో ‘సిమ్’ అని ఎంచి ఉంటే ఫోన్ మెమరీ వైపు చూడవు. సిమ్ వేసి వాడే ఇంటర్నెట్ డాంగిల్‌లు, వాహనాలకు బిగించే ట్రాకర్‌లు కూడా ఈ కోవలోకే వస్తాయి, వాటి మెసేజ్‌లు ఎవరూ తెరిచి చూడరు కాబట్టి. మారతహళ్ళి సొరుగుల్లో ఉన్న ఆ రెండో ఫోన్ ఏ రకానిదో తలుచుకుంటే ఈ సమస్య ఇంకా ఎందుకు బతికి ఉందో అర్థమవుతుంది.

ఇక ఖాళీ చేసే పద్ధతి. ముందు మెసేజ్‌ల మెనూలో సెట్టింగ్‌లలోకి వెళ్ళి ‘మెమరీ స్టేటస్’ లాంటి పేరుతో ఉన్నది తెరిస్తే సిమ్‌లో 20కి 20, ఫోన్‌లో ఇంత అని విడివిడిగా చూపిస్తుంది. మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి. స్మార్ట్‌ఫోన్‌లో సిమ్‌లోని మెసేజ్‌లు మామూలు ఇన్‌బాక్స్‌లో కలిసి కనిపించవు. మెసేజ్ యాప్ సెట్టింగ్‌లలో సిమ్ కార్డు మెసేజ్‌లు అన్న విడి తెర ఉందేమో చూడాలి. ఇన్‌బాక్స్‌లో వందల మెసేజ్‌లు తుడిచేసినా కార్డు నిండుగానే ఉండిపోవడానికి కారణం ఇదే. తర్వాత సిమ్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటీ తెరిచి చదవండి. దాచుకోవలసినవి ఉంటే, గ్యాస్ కనెక్షన్ నంబరో, ఏదైనా దరఖాస్తు నంబరో, కాగితం మీద రాసుకోవడం అన్నిటికన్నా భద్రం. ఫోన్ మెమరీలోకి తరలించే వీలుంటే ‘మూవ్’ ఎంచాలి, ‘కాపీ’ కాదు. కాపీ చేస్తే అసలు ప్రతి సిమ్‌లోనే ఉంటుంది, గడి ఖాళీ కాదు. ఇక ఏది తీసేయవచ్చు అంటే, పంపినవారి పేరు చివర చూడండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం 2025 నుంచి వ్యాపార మెసేజ్‌ల పేరు చివర ఒక అక్షరం కలుపుతున్నారు: -P ఉంటే ప్రకటన, -S సేవకు సంబంధించినది, -T లావాదేవీ, -G ప్రభుత్వం. -P ఉన్నవి కళ్ళు మూసుకుని తీసేయవచ్చు. పాత ఓటీపీలూ అంతే. వాటిని దాచడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

తొలగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోన్‌కు సిగ్నల్ ఉన్నచోట, ఫ్లైట్ మోడ్ తీసేసి ఉంచండి. చోటు దొరికిందన్న కబురు వెళ్ళాల్సింది గాలిలోనే కదా. సిగ్నల్ లేనప్పుడు తొలగించినా కొంపేమీ మునగదు, కార్డులోని గుర్తు అలాగే ఉండి తర్వాత పనికొస్తుంది, కానీ ఫలితం వెంటనే కనపడదు, మనం కంగారుపడి ఇంకేదో చేస్తాం. రెండోది, ‘అన్నీ తొలగించు’ నొక్కే ముందు ఏ మెనూలో ఉన్నామో చూసుకోండి. సిమ్‌లో ఫోన్‌బుక్కు వేరే ఫైలు. మెసేజ్‌లు చెరిపినంతమాత్రాన నంబర్లు పోవు. కానీ కాంటాక్ట్‌ల మెనూలోనూ అలాంటి మాటే ఉంటుంది, అక్కడ నొక్కితే నంబర్లే పోతాయి. మామూలుగా అన్నీ ఒకేసారి తీసేయడం కంటే చదివినవాటిని పాతవాటి నుంచి మొదలుపెట్టి తీసేయడం మంచిది. ఎందుకంటే గడులు ఖాళీ అవుతున్న కొద్దీ సెంటర్‌లో ఆగినవి దిగుతూ ఉంటాయి, వాటిని చదవకుండానే చెరిపేసే ప్రమాదముంది.

అన్నీ చెరిపినా మెమరీ నిండే ఉందని ఫోన్ అంటే? మూడు చోట్లు చూడాలి. పంపిన మెసేజ్‌లు, చిత్తుప్రతులు కూడా అవే గడులను వాడుతుంటాయి, వాటిని ఇన్‌బాక్స్‌లో వెతికితే కనిపించవు. రెండోది ముక్కల సమస్య. మూడు ముక్కల తెలుగు మెసేజ్ వస్తుండగా ఒక్కటే గడి ఖాళీ ఉంటే ఒక ముక్క లోపల కూర్చుంటుంది, మిగిలిన రెండు తిరస్కరణకు గురవుతాయి. మొత్తం చేరేవరకూ చూపించకూడదనుకునే ఫోన్‌లో ఆ ఒంటరి ముక్క కంటికి కనపడకుండా గడిని ఆక్రమించి ఉంటుంది. మూడోది ఫోన్ సొంత మెమరీ. అది కూడా నిండి ఉండవచ్చు. కనపడని ముక్కల అనుమానం ఉంటే సిమ్ తీసి, సిమ్ మెసేజ్‌ల తెర ఉన్న మరో ఫోన్‌లో వేసి చూడటమే సులువైన మార్గం. సిమ్‌కు పిన్ లాక్ ఉంటే ముందే గుర్తుచేసుకోండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, పీయూకేను పదిసార్లు తప్పు కొడితే కార్డు శాశ్వతంగా మూతపడుతుంది.

డాంగిల్ లేదా మోడెమ్‌లో ఉన్న సిమ్‌కు మెనూలుండవు. మారతహళ్ళి పాఠకుల్లో టెర్మినల్ తెరవడం తెలిసినవాళ్ళు ఎక్కువే కాబట్టి ఆ దారీ చెబుతాను.

```
AT+CMGF=1
AT+CPMS="SM","SM","SM"
+CPMS: 20,20,20,20,20,20
AT+CMGL="ALL"
AT+CMGD=1,1
```

మొదటిది మెసేజ్‌లను చదవగలిగే రూపంలో ఇమ్మని చెబుతుంది. రెండోది సిమ్ మెమరీని ఎంచుతుంది. మూడో వరుస మోడెమ్ ఇచ్చే జవాబు: ఇరవై గడుల్లో ఇరవై నిండాయని. నాలుగోది అన్నిటినీ చూపిస్తుంది, వాటిని ఫైలులో దాచుకోవచ్చు. అయితే అలా చూపించగానే చదవని మెసేజ్‌లు కూడా చదివినవిగా మారిపోతాయి. చివరిది చదివిన మెసేజ్‌లను మాత్రమే తొలగిస్తుంది. అందువల్ల నాలుగో, అయిదో వరుసల మధ్య తప్పకుండా ఆగి చూడాలి. చివర ఉన్న 1 బదులు 4 రాస్తే పంపినవి, చిత్తుప్రతులు, చదవనివి సహా అన్నీ పోతాయి.

మరో అభ్యంతరం ఇంత తతంగం ఎందుకు, కొత్త సిమ్ తీసుకుంటే సరిపోదా అని. తీసుకుంటే నిజంగానే ఖాళీ గడులున్న కార్డు వస్తుంది. కానీ 2022 నవంబరులో టెలికాం శాఖ ఇచ్చిన ఆదేశం ప్రకారం సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు ఆ నంబరుకు మెసేజ్‌లు రావు, పోవు. వేరేవాళ్ళ పేరుతో సిమ్ మార్పించి ఓటీపీలు దొంగిలించే మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన నియమమిది. 2024 జూలై 1 నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల లోపు నంబరును వేరే కంపెనీకి మార్చుకోవడమూ కుదరదు. అంటే ఓటీపీ రాలేదని కొత్త సిమ్ తీసుకున్నవాళ్ళకు ఇంకో రోజంతా ఓటీపీ రాదు. పాత కార్డులోని మెసేజ్‌లు, నంబర్లు కొత్తదానిలోకి వాటంతటవే రావు. ఫ్యాక్టరీ రీసెట్ ఇంతకన్నా అన్యాయం. అది ఫోన్‌లో ఉన్నదంతా చెరిపి, సిమ్‌లోని గడులను మాత్రం ముట్టుకోదు. ఫోన్ ఆపి మళ్ళీ వేస్తే కూడా గడి ఖాళీ కాదు.

డయల్ కోడ్‌ల విషయం కాస్త గట్టిగా చెప్పాలి. సిమ్‌లోని మెసేజ్‌లను నెట్‌వర్క్ వైపు నుంచి ఖాళీ చేసే కోడ్ ఏదీ లేదు. ఆ పని ఫోనే చేయాలి. ‘మీ సిమ్ నిండింది, ఈ నంబరు డయల్ చేస్తే సరవుతుంది’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వారి ఉద్దేశం వేరే. *401* తో మొదలై చివర ఒక ఫోన్ నంబరున్న కోడ్ డయల్ చేస్తే మన కాల్స్ ఆ నంబరుకు మళ్ళుతాయి, కాల్ ద్వారా చెప్పే ఓటీపీలు అక్కడికి చేరతాయి. ఈ మోసాల కారణంగానే 2024 ఏప్రిల్ 15 నుంచి అలాంటి కోడ్‌ల ద్వారా కాల్ మళ్ళింపును నిలిపేయమని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. అలాగే సిమ్ ఖాళీ చేసి పెడతామంటూ ఇన్‌స్టాల్ చేయమని లింకు పంపే యాప్‌లకు మెసేజ్‌లు చదివే అనుమతి ఇవ్వడమంటే వచ్చే ప్రతి ఓటీపీని వాళ్ళకు చూపించడమే. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

ఖాళీ అయ్యాక మెసేజ్ సెట్టింగ్‌లలో నిల్వ చోటు ‘ఫోన్’ అని మార్చుకుంటే మళ్ళీ ఇదే స్థితి రావడానికి చాలా కాలం పడుతుంది. అలా మార్చే వీలు లేని ఫోన్ అయితే నెలకోసారి -P మెసేజ్‌లు తీసేస్తే చాలు. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. కొన్ని ఫోన్లు తొలగించమంటే గడిలోని మొదటి బైటును ‘ఖాళీ’ అని మార్చి ఊరుకుంటాయి. మిగిలిన 175 బైట్లలో పాత మెసేజ్, దాని మీద కొత్తది పడేవరకూ, అలాగే ఉంటుంది. కార్డ్ రీడర్ ఉన్నవాళ్ళు దాన్ని చదవగలరు. మన అవసరానికి ఇది అడ్డు కాదు, గడి ఖాళీ అయినట్టే లెక్క. కానీ వాడకం ఆపేసిన పాత సిమ్‌ను పారేసేటప్పుడు మెసేజ్‌లు చెరిపాం కదా అని ఊరుకోకుండా, కార్డులోని బంగారు రంగు చిప్‌ను మధ్యకు కత్తిరించి పారేయాలి.